రిజల్ట్స్ బాగున్నాయి, స్టాక్ పెరిగింది, నా కాల్ ఆప్షన్ మాత్రం తగ్గింది. ఎందుకు?

కొత్తకాల్
లెక్క అర్థం కాక అడుగుతున్నా. స్టాక్ 1000 దగ్గర ఉంది. మార్కెట్ ముగిశాక రిజల్ట్స్. బాగుంటాయని నా అంచనా. ఎక్స్‌పైరీకి ఇంకా 7 రోజులున్న 1000 స్ట్రైక్ కాల్ 36కి కొన్నాను. రిజల్ట్స్ నిజంగానే బాగా వచ్చాయి, మర్నాడు స్టాక్ 1025 దగ్గర నిలబడింది. డెల్టా 0.52 అని స్క్రీన్ మీద చూశాను కాబట్టి 25 పాయింట్లు పెరిగితే కాల్ కనీసం 48, 49 దాకా వెళ్ళాలి కదా. తీరా చూస్తే 30. స్టాక్ కొన్నవాళ్ళు లాభంలో ఉన్నారు, నేను నష్టంలో ఉన్నాను. యాప్‌లో ఏదైనా తప్పు చూపిస్తోందా?

డెల్టా_దాసు
యాప్ తప్పేమీ లేదు. ఇది థీటా. వారం ఎక్స్‌పైరీ కాల్ కొంటే రోజు గడిచే కొద్దీ కరిగిపోతుంది. అందుకే నేను వారం ఆప్షన్ల జోలికి పోను.

సగంతెలివి
థీటా కాదు, పాడూ కాదు. ఉదయం మార్కెట్ తెరవగానే పెద్దవాళ్ళు కావాలని ప్రీమియం నొక్కేస్తారు. చిన్నవాళ్ళు భయపడి అమ్మేశాక మళ్ళీ లేపుతారు.

నిదానం
@కొత్తకాల్ కొన్నప్పుడు ఐవీ, అంటే ఇంప్లైడ్ వోలటిలిటీ ఎంత, మర్నాడు ఎంత? ఆప్షన్ చెయిన్‌లో ఆ కాలమ్ ఉంటుంది. అది చెప్తే మిగతాది తేలిపోతుంది.

కొత్తకాల్
ఇప్పుడే చూశా. కొన్న రోజు మధ్యాహ్నం 65. ఇప్పుడు 28. ఇంత తేడా ఉంటుందా?!

ప్రీమియం_పిచ్చి
స్వాగతం. ఈ క్లబ్బులో ఎంట్రీ ఫీజు అందరం కట్టినవాళ్ళమే 😀

నిదానం
అయితే విడదీసి చూద్దాం. వడ్డీ, డివిడెండ్ పక్కన పెట్టి మామూలు బ్లాక్-షోల్స్‌లో వేసిన అంకెలు ఇవి, దశాంశాల్లో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

7 రోజులు, ఐవీ 65 పెడితే 1000 కాల్ ధర దాదాపు 35.9. మీరు కొన్న ధర అదే.

ఇప్పుడు స్టాక్ 1025కి వచ్చింది, ఒక రోజు గడిచింది, కానీ ఐవీ 65 దగ్గరే ఉందనుకోండి. కాల్ ధర 47.6 అవుతుంది. మీరు మనసులో వేసుకున్న 48 ఇదే. అంటే మీ డెల్టా లెక్కలో పెద్ద తప్పేం లేదు. ఒక రోజు కరుగుదల కూడా ఇందులో కలిసే ఉంది. స్టాక్ అసలు కదలకుండా రోజు మాత్రమే గడిస్తే 35.9 కాస్తా 33.2 అయ్యేది. థీటా తిన్నది ఆ రెండున్నర, మూడు పాయింట్లే. @డెల్టా_దాసు గారు చెప్పినది ఉంది, కానీ చిన్నది.

ఇక ఐవీని 65 నుంచి 28కి దించండి. 47.6 కాస్తా 30.3 అవుతుంది. మీ 17 పాయింట్లు పోయింది ఇక్కడే.

కొన్న రోజు స్క్రీన్ మీద వేగా 0.55 అని ఉండి ఉండాలి. ఐవీ ఒక పాయింటు తగ్గితే ప్రీమియంలో 0.55 పోతుందని దానర్థం. 37 పాయింట్లు తగ్గింది కాబట్టి 20 పోవాలి కదా అంటే, పోయింది 17. స్టాక్ స్ట్రైక్ నుంచి దూరం జరిగే కొద్దీ వేగా కూడా సన్నబడుతుంది, ఆ దూరంలో ఐవీ పడే కొద్దీ ఇంకా సన్నబడుతుంది. అందుకే కొన్నప్పటి వేగాని 37తో గుణిస్తే నష్టం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

కొత్తకాల్
అంటే డైరెక్షన్ నాకు 12 ఇచ్చింది, ఐవీ 17 తీసుకుంది. సరే. కానీ ఐవీ అలా ఒక్క రాత్రిలో ఎందుకు పడిపోవాలి? స్టాక్ కదిలింది కదా, కదిలితే వోలటిలిటీ పెరగాలి కదా?

వేగావాణి
కదిలిపోయింది కాబట్టే పడింది. ఐవీ అనేది జరిగిపోయిన కదలిక కాదు, ఎక్స్‌పైరీ లోపు ఇంకా జరగాల్సినది. మీరు కొన్న ఏడు రోజుల్లో ఒక రోజు రిజల్ట్స్ రోజు, మిగతావి మామూలు రోజులు. ఆ ఒక్క రోజు భారాన్ని ఏడు రోజుల మీదా పరిచి ఒకే సంఖ్యగా చూపిస్తే 65 అయింది. రిజల్ట్స్ రోజు వెళ్ళిపోయాక మిగిలిన ఆరూ మామూలు రోజులే, వాటి రేటు 28. పెళ్ళి అయిపోయాక షామియానాకి అద్దె ఎవరిస్తారు.

ప్రీమియం_పిచ్చి
షామియానా 😂 నోట్ చేసుకున్నా.

సగంతెలివి
ఇవన్నీ పుస్తకాల మాటలు. మార్కెట్ తెరిచిన మొదటి నిమిషంలో కొనే ధరకీ అమ్మే ధరకీ ఎంత తేడా ఉంటుందో చూశారా ఎవరైనా? 24కి కొంటాం, 37కి అమ్ముతాం అని పెడతారు. అది నొక్కడం కాదా?

నిదానం
ఆ తేడా నిజమే. తెరిచిన మొదటి కొన్ని నిమిషాలు ఐవీ కాలమ్‌ని అసలు నమ్మొద్దు. మధ్య ధర పట్టుకుని లెక్కేస్తారు కాబట్టి అది చెత్త అంకె చూపిస్తుంది. అప్పుడు మార్కెట్ ఆర్డర్‌తో బయటపడితే అనవసరంగా ఇంకో ఆరేడు పాయింట్లు పోతాయి. కానీ మీరన్నట్టు ‘మళ్ళీ లేపడం’ జరగాలంటే ఐవీ మధ్యాహ్నానికి 65కి తిరిగి రావాలి. @కొత్తకాల్ చూసిన 28 ఏ టైమ్‌లోది?

కొత్తకాల్
మధ్యాహ్నం దాటాక. ఉదయం నుంచీ అటూ ఇటూగా అంతే ఉంది.

సగంతెలివి
మీ స్టాక్‌లో అలా జరిగిందేమో. అన్నిట్లో అలా ఉండదు.

డెల్టా_దాసు
@నిదానం థీటా చిన్నది అన్నారు, దాని మీద నాకు అభ్యంతరం ఉంది. వాణిగారు చెప్పినట్టు ఆ 65లో ఎక్కువ భాగం రిజల్ట్స్ రోజుదే అయితే, ఆ రోజు గడిచిపోవడం వల్లే కదా ప్రీమియం పోయింది? రోజు గడవడం వల్ల పోయేదాన్ని థీటా అనకపోతే ఇంకేమంటారు? స్క్రీన్ మీద థీటా అన్ని రోజుల్నీ ఒకేలా చూస్తుంది కాబట్టి 2.7 చూపించింది. రోజుల్ని వాటి బరువు ప్రకారం లెక్కిస్తే ఆ రాత్రి థీటానే 20 దాటుతుంది.

నిదానం
ఈ మాట ఒప్పుకుంటా. రోజులకి బరువులు కట్టి లెక్కించే వాళ్ళ సిస్టమ్‌లో ఇది థీటాగానే కనబడుతుంది, మనం వాడే స్క్రీన్‌లో వేగాగా కనబడుతుంది. ఏ ఖాతాలో రాసుకున్నా పోయిన డబ్బు ఒకటే. కానీ మామూలు స్క్రీన్ పెట్టుకుని ‘థీటా మూడే కదా, భరించొచ్చు’ అనుకునేవాళ్ళకి దెబ్బ తగిలేది ఇక్కడే.

అంకెలరాజు
కొనే ముందే ఈ లెక్క తెలిసేది. రెండు ఎక్స్‌పైరీల ఐవీ ఉంటే చాలు. @కొత్తకాల్ అదే రోజు తర్వాతి నెల, అంటే 35 రోజుల 1000 కాల్ ఐవీ ఎంతుందో గుర్తుందా?

కొత్తకాల్
స్క్రీన్‌షాట్ ఉంది. 38.4. ధర 47.

అంకెలరాజు
చాలు. ఐవీని వర్గం చేసి రోజులతో గుణిస్తే మొత్తం వేరియన్స్ వస్తుంది. దూరపు దాంట్లోంచి దగ్గరది తీసేస్తే మధ్యలో ఉన్న 28 మామూలు రోజుల రేటు తేలుతుంది. ఆ రేటుతో రిజల్ట్స్ రోజుని విడిగా లాగొచ్చు.

```
0.384² × 35/365 = 0.0141
0.65²  ×  7/365 = 0.0081
(0.0141 − 0.0081) × 365/28 ≈ 0.078  →  √ ≈ 0.28

0.28²  ×  6/365 = 0.0013
√(0.0081 − 0.0013) ≈ 0.082
```

పై మూడు లైన్లు చూడండి. మర్నాడు ఐవీ 28కి పడుతుందని ముందు రోజు మధ్యాహ్నమే రాసిపెట్టి ఉంది. కింది రెండు లైన్ల అర్థం, రిజల్ట్స్ రోజు ఒక్కదానికే మార్కెట్ కట్టిన కదలిక 8.2 శాతం. అది స్టాండర్డ్ డీవియేషన్. సగటు కదలిక కావాలంటే దాన్ని 0.8తో గుణించండి, ఆరున్నర శాతం వస్తుంది, అటైనా ఇటైనా.

మీ స్టాక్ కదిలింది రెండున్నర. డైరెక్షన్ కరెక్ట్, సైజు చాలలేదు.

వేగావాణి
ఆరున్నర కదిలితేనే @కొత్తకాల్‌కి లాభం అని ఎవరూ అనుకోవద్దు. కాల్ ఒక్కటే కొన్నారు, పుట్ కొనలేదు. 28 ఐవీ దగ్గర, ఆరు రోజులు మిగిలి ఉండగా ఆ కాల్ తిరిగి 36 అవ్వాలంటే స్టాక్ 1032 దగ్గరికి రావాలి. అంటే 3.2 శాతం. డైరెక్షన్ కరెక్ట్‌గా ఊహించినందుకు దక్కిన రాయితీ అది. కాల్, పుట్ రెండూ కొని 72 పెట్టినవాళ్ళకి ఏడు శాతం పైన కావాలి.

కొత్తకాల్
1032! ఏడు పాయింట్ల దూరంలో ఆగిపోయిందన్నమాట. నిజానికి నేను ముందు 1050 స్ట్రైక్ కొందామనుకున్నా, 17కే దొరుకుతోంది, నష్టం వచ్చినా తక్కువే కదా అని.

అంకెలరాజు
కొనకపోవడం మంచిదైంది. అదే ఐవీలు పెడితే 1050 కాల్ 17 నుంచి 5.6కి వచ్చేది. మూడింట రెండొంతులు పోయేది, స్టాక్ పెరిగిన రోజే. ఆ 17లో దాదాపు మొత్తం ‘రిజల్ట్స్‌కి ఎగిరితే’ అనే ఆశ ధరే. దానికి 1054 దాటితే గాని పెట్టుబడి రాదు. పాయింట్లలో తక్కువ పోయినట్టు కనిపిస్తుంది గానీ, జనం చౌక కదా అని 36కి రెండు చొప్పున కొంటారు.

రాత్రిగుడ్లగూబ
నాది పుట్ కథ. రిజల్ట్స్ ఘోరంగా ఉంటాయని పుట్ కొన్నా. ఘోరంగానే వచ్చాయి. స్టాక్ రెండు శాతం పడింది, పుట్ సగానికి వచ్చింది. బ్రోకర్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గొడవ పడ్డాను కూడా. వాళ్ళు ‘మార్కెట్ రిస్క్ సార్’ అన్నారు. వేగా అనే మాట అప్పుడు ఒక్కరు చెప్పినా బాగుండేది.

ఒక సందేహం. ఈ గోల లేకుండా దూరం ఎక్స్‌పైరీ కొంటే? వేగా ఇంకా ఎక్కువ కాబట్టి దెబ్బ ఇంకా పెద్దదని ఒకాయన చెప్పాడు. అందుకని వారానివే కొంటున్నా.

డెల్టా_దాసు
సరిగ్గానే చెప్పాడాయన. 35 రోజుల కాల్ వేగా 1.2 దాకా ఉంటుంది, వారం దానికి రెట్టింపు పైనే.

నిదానం
వేగా రెట్టింపు, నిజం. కానీ పడే ఐవీ? దగ్గరది 65 నుంచి 28కి, 37 పాయింట్లు. దూరపుది 38.4 నుంచి 28కి, పదే పాయింట్లు. ఒకే రిజల్ట్స్ రోజు 35 రోజుల్లో పలచబడింది. స్టాక్ కదలకుండా 1000 దగ్గరే ఉండి ఉంటే వారం కాల్‌లో 21, 22 పాయింట్లు పోయేవి, నెల కాల్‌లో 13. వేగా ఒక్కటే చూసి ఏది ఎక్కువ దెబ్బ తింటుందో చెప్పలేం.

@కొత్తకాల్ కేస్‌లోనే చూడండి. 47.4 పెట్టి నెల కాల్ కొని ఉంటే, 1025 దగ్గర, ఐవీ 28తో 48.4 ఉండేది. ఒక పాయింటు లాభం. పెద్ద గొప్పేం కాదు, కానీ నష్టం లేదు. అదే పది శాతం ఎగిరి ఉంటే వారం కాలే గెలిచేది. 36 పెట్టినవాడికి 100 వచ్చేది, 47 పెట్టినవాడికి ఇంచుమించు అంతే వచ్చేది.

డెల్టా_దాసు
హ్మ్. ఐవీ పడే మేర కూడా మారుతుందన్నది నేను కలపలేదు. సరే.

ప్రీమియం_పిచ్చి
ఇంత లెక్కెందుకు. రిజల్ట్స్‌కి నెల ముందు కొనండి, ఐవీ 38 నుంచి 65కి పెరుగుతుంది, రిజల్ట్స్ రోజు మధ్యాహ్నం అమ్మేయండి. వేగా లాభం మీకు, ఐవీ కూలే క్రష్ కొన్నవాడికి. నేను ఇదే చేస్తా.

అంకెలరాజు
@ప్రీమియం_పిచ్చి పైన ఉన్న రెండు ధరలే మళ్ళీ చూడు బ్రదర్. 35 రోజులున్నప్పుడు ఐవీ 38.4, ధర 47.4. అదే కాల్‌కి 7 రోజులు మిగిలినప్పుడు ఐవీ 65, ధర 35.9. స్టాక్ కదలకపోతే ఐవీ 27 పాయింట్లు పెరిగి కూడా నీ కాల్ పదకొండున్నర తగ్గింది. ఐవీ పెరిగింది ఎవరో ఎక్కువ డబ్బు పెడుతున్నందుకు కాదు. మధ్యలో ఉన్న మామూలు రోజులు రాలిపోతూ, అదే రిజల్ట్స్ రోజు తక్కువ రోజుల మీద పడింది, అంతే.

ప్రీమియం_పిచ్చి
మరి నాకు లాభాలు ఎలా వచ్చాయి?

అంకెలరాజు
ఆ నెల స్టాక్ పెరిగి ఉంటుంది. లేదా మార్కెట్ రిజల్ట్స్ రోజుకి కట్టిన 8 శాతాన్ని మధ్యలో 10కి పెంచి ఉంటుంది, అది నిజమైన వేగా లాభం. అలా జరగొచ్చు. కానీ క్యాలెండర్ చూసి ఐవీ పెరుగుతుందని కొంటే మాత్రం వచ్చేది ఏమీ లేదు.

ప్రీమియం_పిచ్చి
ఒప్పుకోను. నా ట్రేడ్ బుక్ నేను చూసుకుంటా. వచ్చి చెప్తా.

సగంతెలివి
అందరూ కొనేవాళ్ళ గోలే. ఐవీ పడుతుందని ముందే రాసిపెట్టి ఉంటే కాల్, పుట్ రెండూ అమ్మి పడుకోవచ్చు కదా. 72 తీసుకుంటే మర్నాడు 1025 దగ్గర 36కి దొరుకుతాయి. సగం మిగులు.

వేగావాణి
నేను పడుకున్నా అలా. స్టాక్ పన్నెండు శాతం గ్యాప్ డౌన్. ఐవీ అనుకున్నట్టే కుప్పకూలింది, ఒక్క పాయింటు కూడా కలిసిరాలేదు. ఈ అంకెల్లో చెప్పాలంటే, 72 తీసుకున్న చోట 120 ఇచ్చి బయటపడాలి. స్టాక్ స్ట్రైక్‌కి అంత దూరం పోయాక ఆ ఆప్షన్‌లో వేగానే మిగలదు, ఐవీ ఎంత పడితే ఏం లాభం. పైగా రాత్రంతా మార్కెట్ మూసే ఉంటుంది, స్టాప్‌లాస్ పెట్టినా 880 దగ్గర తెరిచాకే పనిచేస్తుంది. మార్జిన్ కాల్ టెన్షన్ వేరే.

ఐవీ పడుతుందని తెలియడం వేరు, స్టాక్ 8 శాతం లోపు కదులుతుందని తెలియడం వేరు. మీరు అమ్మేది రెండోదాన్ని.

సగంతెలివి
సగటున ఆప్షన్లు అమ్మినవాళ్ళే గెలుస్తారని విన్నాను మరి.

నిదానం
ఇండెక్స్ ఆప్షన్లలో ఆ వాదనకి బలం ఉంది. ఒక్కో స్టాక్‌లో రిజల్ట్స్ రోజు విషయానికొస్తే నేనంత ధీమాగా చెప్పను. కొన్ని స్టాక్స్‌లో కట్టిన కదలిక కన్నా అసలు కదలిక తరచూ తక్కువే ఉంటుంది, ఆపైన ఒక్క పెద్ద గ్యాప్ వచ్చి అంతకుముందు మిగిలినవన్నీ ఊడ్చేస్తుంది.

కొత్తకాల్
నాకు అమ్మడం వద్దు. పెరుగుతుంది, కానీ విపరీతంగా కాదు అనుకున్నప్పుడు ఏం కొనాలి?

నిదానం
1000 కాల్ కొని, 1040 కాల్ అమ్మి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. అన్ని స్ట్రైక్‌లకీ 65 అనే పెడుతున్నా, నిజానికి స్ట్రైక్‌ని బట్టి కొంచెం తేడా ఉంటుంది. 1040 కాల్ 20. అంటే మీ చేతి నుంచి పోయేది 16. మర్నాడు 1025 దగ్గర, ఐవీ 28తో మీరు కొన్నది 30.3, అమ్మింది 8.5. మిగిలేది దాదాపు 22. పెట్టింది 16, వచ్చింది 22. అదే స్టాక్, అదే 25 పాయింట్లు, అదే క్రష్. మీరు అమ్మిన కాల్ ఐవీ కూడా అలాగే కూలింది, అది మీకు కలిసొచ్చింది.

దీని ఖరీదు కూడా చెప్పాలి. స్టాక్ 1100కి ఎగిరితే స్ప్రెడ్ 40 దగ్గర ఆగిపోతుంది, ఒంటరి కాల్ 100 అవుతుంది. ఎంత కదులుతుందో ఒక అభిప్రాయం ఉన్నవాళ్ళకే ఇది. ‘పెరుగుతుంది’ అన్నంత మాత్రాన సరిపోదు.

రాత్రిగుడ్లగూబ
పుట్‌కి కూడా ఇదేనా, తిరగేసి?

నిదానం
అవును, కింది స్ట్రైక్ పుట్ అమ్మడం. కింది పుట్‌లకి ఐవీ మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి అమ్మేదానికి మంచి ధరే వస్తుంది. ఇల్లిక్విడ్ స్ట్రైక్ మాత్రం ఎంచుకోవద్దు, బయటపడేటప్పుడు రెండు చోట్లా తేడా కట్టాలి.

డెల్టా_దాసు
ఒకటి అడగాలి. ఐవీ ఎప్పుడూ అంకెలరాజు లెక్క ప్రకారమే 28కి పడుతుందా? రిజల్ట్స్ తర్వాత కూడా ఐవీ 45 దగ్గర నిలిచిపోయిన స్టాక్ చూశాను నేను.

అంకెలరాజు
పడకపోవచ్చు. 28 అనేది ముందు రోజు మార్కెట్ అంచనా. రిజల్ట్స్‌తో పాటు కంపెనీ వచ్చే ఏడాది అంచనాల్ని వెనక్కి తీసుకున్నా, ఆడిటర్ ఏదైనా మెలిక పెట్టినా, అదే వారంలో ఇంకో పెద్ద వార్త రావాల్సి ఉన్నా మామూలు రోజులు మామూలుగా ఉండవు. స్టాక్ బాగా పడినప్పుడు కూడా ఐవీ కాస్త పైనే ఆగుతుంది. ఇంకోటి, రెండు ఎక్స్‌పైరీలూ రిజల్ట్స్ తర్వాతే ఉన్నాయో లేదో చూసుకోవాలి. దగ్గరి ఎక్స్‌పైరీ రిజల్ట్స్ కంటే ముందే అయిపోతుంటే ఈ తీసివేత తలకిందులవుతుంది.

డెల్టా_దాసు
ఆ 45 స్టాక్‌లో ఏమైందో వెతికి పెడతా. ఇంకో వార్త ఉన్నట్టు గుర్తు లేదు.

కొత్తకాల్
స్టాక్ ఇప్పుడు 1029. కాల్ 33. ఎక్స్‌పైరీ దాకా ఉంచనా, తీసేయనా?

వేగావాణి
క్రష్ అయిపోయింది, ఇక మళ్ళీ అవ్వదు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది 28 ఐవీ ఉన్న మామూలు కాల్, అందులో 29 స్టాక్‌లోనే ఉన్న విలువ, టైమ్‌కి కడుతున్నది నాలుగే. ఈ రోజు చేతిలో ఏమీ లేకపోతే దీన్ని 33కి కొంటారా అని చూసుకోండి. 36 అనే అంకెని మర్చిపోండి.

కొత్తకాల్
కొనను. తీసేస్తున్నా.

ప్రీమియం_పిచ్చి
ట్రేడ్ బుక్ చూశా. అంకెలరాజూ, లాభం వచ్చినవాటిలో ఎక్కువ స్టాక్ పెరిగినవే. ఒకటి మాత్రం స్టాక్ కదలకుండానే లాభం వచ్చింది, అది చెప్పు ఎలాగో.

అంకెలరాజు
కొన్న రోజు, అమ్మిన రోజు రెండు ఎక్స్‌పైరీల ఐవీలు పెట్టు. ఉంటే.

ప్రీమియం_పిచ్చి
అవి ఎవడు రాసుకుంటాడు 😀